రాత్రి అదుపు తప్పినా, పొద్దున టిఫిన్ మానలేదు

పెళ్లిలో బొబ్బట్లు రెండు ఎక్కువ తిని, పొట్ట పట్టుకుని నవ్వుకోవడం నాకూ తెలుసు. నాది అది కాదు. అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా నిలబడి, మిగిలిన అన్నం, కారప్పూస, పిల్లల బిస్కెట్లు వరసగా తినేదాన్ని. ఆకలి ఉండేది కాదు, ఆపడం చేతనయ్యేదీ కాదు. ఖాళీ ప్యాకెట్లు చెత్తబుట్ట అడుగున దాచేదాన్ని.

ఎంత తింటున్నావని డాక్టరుగారు ముందు అడగలేదు. "మధ్యలో ఆపగలననిపిస్తుందా?" అన్నారు. తిన్నది వదిలించుకోవడానికి వాంతులు, విరేచనాల మాత్రలు, రోజంతా పస్తులు లేవని తెలుసుకున్నారు. అదుపు తప్పి ఇలా తినడం వారానికి ఒక్కసారైనా, 3 నెలలుగా జరుగుతూ మనసును వేధిస్తుంటే బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారట.

తర్వాత సైకాలజిస్టు దగ్గర సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే మాటల చికిత్స. తిన్న వెంటనే టైము, చోటు, అప్పటి ఆలోచన రాయమన్నారు, క్యాలరీలు వద్దన్నారు. రెండు వారాల పేజీలు చూస్తే గుట్టు బయటపడింది. సిగ్గుతో టిఫిన్ మానేసేదాన్ని, మధ్యాహ్నం నాలుగు ముద్దలతో లేచేదాన్ని, రాత్రికి మళ్లీ అదే. నేను శిక్ష అనుకున్నదే మంట ఎగదోస్తోంది!

అందుకే మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, నాలుగు గంటలకు మించి ఎడం వద్దు. రాత్రి ఏం జరిగినా సరే. అదే కష్టం. ఐదో వారంలో ఆడపడుచు మాటకు మనసు విరిగి మళ్లీ తిన్నాను. పొద్దున ఏడుస్తూనే మూడు ఇడ్లీలు తిన్నాను. ఆ రాత్రి వంటింటి వైపు వెళ్లలేదు.

బరువు పెద్దగా తగ్గలేదు. ఈ చికిత్స అందుకోసం కాదని ముందే చెప్పారు.