టవర్ కరెంటు లెక్క, 3వ పాఠం: జనరేటర్ నెలకి ఎంత డీజిల్ తాగుతుంది?

పోయిన పాఠంలో మొబైల్ టవర్ ఎస్ఎంపీఎస్ డిస్‌ప్లే, అంటే రెక్టిఫయర్లతో ఏసీని డీసీగా మార్చి సామానుకీ బ్యాటరీకీ ఇచ్చే పెట్టె మీది డిస్‌ప్లే, చదవడం నేర్చుకున్నాం కదా, ఈసారి ఆ ఒక్క అంకె పట్టుకుని నెలాఖరు డీజిల్ ఖర్చు దాకా వెళ్దాం. దారిలో ఒక గొయ్యి ఉంది, నేను కూడా మొదట్లో అందులోనే పడ్డాను. జనరేటర్ మీద 15 కేవీఏ అని రాసి ఉంటుంది, దాన్ని 0.8తో గుణిస్తే 12 కిలోవాట్లు వస్తుంది, 24 గంటలకి 288 యూనిట్లు అని లెక్క వేసేసి టవర్ ఇంత తాగుతుందా అని నోరెళ్లబెట్టాను. ఆ బోర్డు మీద ఉన్నది జనరేటర్ ఇవ్వగలిగినంత. సైట్ వాడుకునేది అది కాదు, అందులో పావు వంతు కూడా ఉండకపోవచ్చు.

మన ఉదాహరణ సైట్‌ని ఏజెన్సీ కొండ మీద పెడదాం, పాడేరు దాటాక లోపలికి వెళ్లే దారుల్లో ఉండేలాంటిది. ఇద్దరు ఆపరేటర్ల సామాను, బయట పెట్టే క్యాబినెట్లు, ఏసీ లేదు (పాత షెల్టర్ సైట్ అయితే ఏసీ ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్ దాకా లాగుతుంది, అప్పుడు లెక్క మారుతుంది). డిస్‌ప్లేలో లోడ్ కరెంటు 50 ఆంపియర్లు, వోల్టేజీ 54 చూపిస్తోంది. 48 వోల్టుల సిస్టమ్ అంటారు కానీ బ్యాటరీ నిండాక కూడా ఛార్జింగ్‌కి తగిలించే ఉన్నప్పుడు ఉండేది 54 దగ్గరే, కాబట్టి కళ్లముందు కనిపించే అంకెనే వాడండి. ఇంకో జాగ్రత్త: బ్యాటరీ ఛార్జ్ అవుతున్న టైంలో రెక్టిఫయర్ మొత్తం కరెంటు 110 చూపిస్తుంటే దాన్ని లోడ్ అనుకోకండి. అందులో 60 బ్యాటరీలోకి పోతోంది, డిస్‌ప్లేలో రెండూ విడివిడిగా ఉంటాయి.

50 × 54 = 2,700 వాట్లు. ఇది డీసీ వైపు. రెక్టిఫయర్లో కొంత వేడిగా పోతుంది కాబట్టి 0.93తో భాగిస్తే ఏసీ వైపు సుమారు 2.9 కిలోవాట్లు. రోజుకి 70 యూనిట్లు, నెలకి 2,100. కరెంటు ఎప్పుడూ పోని ఊళ్లో అయితే లెక్క ఇక్కడితో అయిపోయినట్టే, మీ బిల్లులో ఉన్న రేటుతో గుణించి స్థిర ఛార్జీలు కలుపుకుంటే చాలు. మన కొండ మీద మాత్రం రోజుకి 8 గంటలు కరెంటు ఉండదు అనుకుందాం.

ఇప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, 8 గంటలు కరెంటు లేదు, గంటకి ఇన్ని లీటర్లు, అని గుణించేస్తారు. తప్పు. కరెంటు పోయిన గంటలు వేరు, జనరేటర్ తిరిగిన గంటలు వేరు, ఈ రెండిటి మధ్యలో బ్యాటరీ ఉంటుంది. డీజిల్ ఖర్చు నిర్ణయించేది ఆ మధ్యలో ఉన్నదే.

మన సైట్‌లో 600 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీ బ్యాంక్ ఉందనుకోండి. కరెంటు పోగానే బ్యాటరీ వోల్టేజీ 54 నుంచి జారి 49-50 దగ్గరకి వస్తుంది, సామానుకి కావాల్సిన వాట్లు మాత్రం అవే కాబట్టి కరెంటు 50 నుంచి 55 ఆంపియర్లకి పెరుగుతుంది. 5 గంటలకి 275 ఆంపియర్-అవర్లు, అంటే బ్యాంకులో సగం కంటే కొంచెం తక్కువ. బ్యాంక్ ఆరోగ్యంగా ఉంటే ఇది హాయిగా నడుస్తుంది. వోల్టేజీ మనం పెట్టిన గీత దాకా దిగాక కంట్రోలర్ జనరేటర్‌ని స్టార్ట్ చేస్తుంది, మిగతా 3 గంటలు అది తిరుగుతుంది.

ఆ 3 గంటల్లో జనరేటర్ మీద పడేది సామాను లోడ్ ఒక్కటే కాదు. ఖాళీ అయిన బ్యాటరీ కూడా ఛార్జింగ్ లాక్కుంటుంది. పరిమితి 60 ఆంపియర్లు పెట్టి ఉంటే దానికే 3.5 కిలోవాట్లు, సామాను 2.9, మొత్తం 6.4. జనరేటర్ ఇవ్వగలిగిన దాంట్లో సగానికి కొంచెం పైన.

ఇప్పుడు అసలు సంగతి. జనరేటర్ తన మీద ఎంత బరువున్నా, ఏమీ లేకపోయినా, ఇంజిన్ తిప్పుకోడానికే కొంత డీజిల్ తాగుతుంది. మన సైట్ జనరేటర్ సామాను ఒక్కటే మోస్తే గంటకి 1.8 లీటర్లు, ఛార్జింగ్‌తో కలిపి మోస్తే 2.6 లీటర్లు తాగుతుందని అనుకుందాం. 15 కేవీఏ వాటికి ఇవి అసాధారణమైన అంకెలేమీ కావు, మీ సైట్‌వి మాత్రం మీరే కొలుచుకోవాలి, ఎలాగో కింద చెప్తాను. లీటరు 97 రూపాయలు అనుకుంటే మొదటి పద్ధతిలో యూనిట్ దాదాపు 60 రూపాయలు పడుతుంది, రెండో పద్ధతిలో 40కి కొంచెం తక్కువ. తాగేది ఎక్కువే, కానీ ఒక్కో యూనిట్ చవక! లైన్ కరెంటు యూనిట్ 10 అనుకున్నా, జనరేటర్ యూనిట్ దానికి నాలుగు నుంచి ఆరు రెట్లు.

ఇక నెల లెక్క. బ్యాటరీ బాగున్న సైట్: రోజుకి 3 గంటలు, గంటకి 2.6, అంటే 7.8 లీటర్లు. నెలకి 234 లీటర్లు, దాదాపు 22,700 రూపాయలు. లైన్ కరెంటు 16 గంటలకి 46 యూనిట్లు, బ్యాటరీ మిగతా ఛార్జింగ్‌కి ఇంకో 7, నెలకి సుమారు 1,600 యూనిట్లు, 16,000 రూపాయలు. మొత్తం 38,700.

అదే సైట్‌లో బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు పోయిన పది నిమిషాలకే కూలబడుతోంది, జనరేటర్ 8 గంటలూ తిరుగుతోంది అనుకోండి. ఛార్జింగ్ పుచ్చుకునేదేమీ లేదు కాబట్టి గంటకి 1.8 లీటర్లే. చూడ్డానికి తక్కువ తాగుతోంది అనిపిస్తుంది, మేనేజర్‌కి సంతోషం కూడా. కానీ రోజుకి 14.4, నెలకి 432 లీటర్లు, 41,900 రూపాయలు. లైన్ బిల్లు 13,900. మొత్తం 55,800. తేడా నెలకి 17 వేలు. కొత్త బ్యాటరీ బ్యాంక్ కొటేషన్ తెచ్చి ఈ 17 వేలతో భాగించి ఎన్ని నెలల్లో డబ్బులు తిరిగొస్తాయో చూపిస్తే పై వాళ్లతో వాదించాల్సిన పని ఉండదు. గంటకి ఎన్ని లీటర్లు అన్న అంకె ఒక్కదాన్ని చూసి సైట్ బాగుందనుకోవడం ఎందుకు మోసమో కూడా ఇక్కడే తెలుస్తుంది.

బ్యాటరీ చావడానికి ఎండ పెద్ద కారణం. ఈ లెడ్ బ్యాటరీల సంగతి తెలిసినవాళ్లు వాడే మోటు లెక్క ఏంటంటే, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. క్యాబినెట్ ఫ్యాన్ ఆగిపోయి ఎవరూ పట్టించుకోని సైట్‌కి మే నెల చాలు. ఫ్యాన్ రిపేరు చేయించే ఖర్చుని డీజిల్ ఖాతాలోనే రాయాలంటాను నేను.

బ్యాటరీ బాగున్నా గంటలు ఎక్కువ వస్తుంటే కంట్రోలర్ చూడండి. నేను చూసిన ఒక సైట్‌లో కరెంటు పోయిన గంటలు, జనరేటర్ హవర్ మీటర్ గంటలు దాదాపు సమానంగా ఉండేవి. అందరూ బ్యాటరీని తిట్టారు, కొత్తది అడిగారు కూడా. తీరా చూస్తే జనరేటర్ స్టార్ట్ అయ్యే వోల్టేజీ 51 దగ్గర పెట్టేసి ఉంది. 24 సెల్స్ ఉన్న బ్యాంక్ లోడ్ పడగానే అంతకంటే కిందికి వస్తుంది, అందులో వింతేమీ లేదు, నిండుగా ఉన్న బ్యాటరీని పక్కన పెట్టుకుని జనరేటర్ తిరుగుతోంది. ఎవరో ఒక రాత్రి సైట్ డౌన్ అయ్యాక టెన్షన్‌తో మార్చి, తిరిగి దించడం మర్చిపోయారు. దాన్ని 47.5కి దించాక ఆ వారమే గంటలు సగానికి పడ్డాయి. అయితే ఇంకా దించుదాం అని మాత్రం ఆశపడకండి, లెడ్ బ్యాటరీని రోజూ అడుగంటా ఖాళీ చేస్తే త్వరగా పోతుంది, అప్పుడు పైన చెప్పిన 41,900 సైట్ మీదే అవుతుంది.

గంటకి లీటర్లు కొలవడం ఇలా. ట్యాంకుని మూతి దాకా నింపండి, హవర్ మీటర్ అంకె రాసుకోండి, మామూలు లోడ్ మీద సరిగ్గా ఒక గంట నడపండి, ఆపి, కొలత క్యాన్‌తో మళ్లీ అదే గీత దాకా పోయండి. పోసినంతే తాగింది. ఆ గంటలో లోడ్ కరెంటు, ఛార్జింగ్ కరెంటు రెండూ రాసుకోవాలి, లేకపోతే ఆ అంకెని ఇంకో రోజుతో పోల్చలేం. డిప్ స్టిక్‌తో ఒక్క గంట కొలవొద్దు. కొండ మీద జనరేటర్ కొంచెం వాలుగా కూర్చుని ఉంటే ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ చూపిస్తుంది, రెండు మూడు లీటర్ల తేడా సులువుగా వస్తుంది. నెల మొత్తానికైతే పర్లేదు.

ఈ కొలత చేతిలో ఉంటే నెలాఖరున చేయాల్సింది ఒక్కటే:

```
తాగాల్సింది = హవర్ మీటర్ గంటలు × గంటకి లీటర్లు
తాగింది = మొదటి నిల్వ + పోసింది − చివరి నిల్వ
```

రెండూ పది లీటర్లు అటూ ఇటూ ఉంటే సరే. మన సైట్‌లో 234 రావాల్సిన చోట 300 వచ్చిందనుకోండి, వెంటనే దొంగతనం అనకండి, ముందు గంట పరీక్ష మళ్లీ చేయండి. పరీక్షలోనే 3.3 లీటర్లు వస్తే ఇంజిన్‌దే తప్పు: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, ఇంజెక్టర్ పాడైందో, నల్ల పొగ కూడా కనిపిస్తుంది. ఎప్పుడూ తక్కువ లోడ్ మీదే నడిచే జనరేటర్‌కి సైలెన్సర్ చివర నూనె జిడ్డులాంటి మసి పట్టడం కూడా చూస్తారు, అది సరిగా కాలని డీజిల్. పరీక్షలో 2.6 దగ్గరే వచ్చి నెల మొత్తానికి మాత్రం 66 లీటర్లు తేలకపోతే, అది ఇంజిన్ తాగలేదు. అప్పుడు డీజిల్ పోసిన తేదీలు, ఆ రోజు కంట్రోలర్ లాగ్‌లో ట్యాంక్ లెవెల్ నిజంగా పెరిగిందా అన్నది పక్కపక్కన పెట్టండి. పోసినట్టు రాసిన రోజు లెవెల్ కదలకపోతే ఇక మీకు చెప్పేదేముంది.

ఒక ఖర్చు ఈ లెక్కలో రాదు, కొండ మీదకి డీజిల్ చేర్చే ఖర్చు. బండి వెళ్లే దాకా వెళ్లి, తర్వాత క్యాన్లు మోసుకెళ్లే సైట్లలో లీటర్‌కి ఇంకొంత కలుస్తుంది. దాన్ని విడిగా రాసుకోండి, లీటరు ధరలో కలిపేస్తే ఇంజిన్ లెక్క చెడుతుంది.

ఈసారి ఇంటి పని: లోడ్ 70 ఆంపియర్లు, వోల్టేజీ 54, కరెంటు పోయేది రోజుకి 6 గంటలు, హవర్ మీటర్ నెలకి 172 గంటలు చూపిస్తోంది. డీజిల్ ధర అడగట్లేదు. ఈ సైట్‌లో ముందు ఏం తెరిచి చూస్తారో రాయండి. నాలుగో పాఠంలో ఇదే సైట్‌ని లిథియం బ్యాటరీకి మారుద్దాం, అక్కడ ఛార్జింగ్ కరెంటు ఎంత పెట్టాలన్నదే పెద్ద పంచాయితీ.