షూ బిగుతైంది, అడుగు గట్టిపడింది: సమస్య - పరిష్కారం

కొన్నప్పుడు చక్కగా సరిపోయిన షూ మూడు నెలలకే బొటనవేలికి తగులుతుంది. మడమ కింద మెత్తదనం పోయి రాయిమీద నడిచినట్టుంటుంది. కాలు వాచిందనో, సైజు తప్పు తీసుకున్నామనో అనుకుని చాలామంది ఇంకో జత కొనేస్తారు. ఆ పని చేసేముందు రెండు షూలనూ అడుగుకు అడుగు ఆనించి, మడమలు సమంగా పట్టుకుని, ఒకటి పొట్టిగా ఉందేమో ముక్కుల వైపు చూడండి. పది సెకన్ల పని. దాన్ని వదిలేసి మోకాళ్లకు మందులు వాడేవాళ్లూ ఉన్నారు.

మామూలు అరుగుదల అయితే

పాదానికీ కింది రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొరే మిడ్‌సోల్. ఎక్కువ షూలలో అది ఈవీఏ ఫోమ్. సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లకు అది అణిగిపోతుంది. రోజూ 5 కిలోమీటర్లు నడిస్తే మూడు నుంచి ఐదు నెలలే. రబ్బరు గీతలు బాగున్నాయని ఫోమ్ బాగున్నట్టు కాదు. బరువు పడే చోటే, అంటే మడమ బయటి అంచున గట్టిగా ఉండి, పాదం వంపు దగ్గర ఇంకా మెత్తగా ఉంటే అది అరుగుదలే. జత మార్చండి.

వేడి తగిలితే

మన దగ్గర అసలు మోసం చేసేది ఇదే. అలిపిరి దగ్గర కారు ఆపి, షూ లోపల పెట్టి, 3,550 మెట్లు వట్టికాళ్లతో ఎక్కుతారు. దర్శనం చేసుకుని దిగేసరికి సాయంత్రం. అప్పటిదాకా ఏప్రిల్ ఎండలో అద్దాలు మూసిన కారులో షూ ఉడుకుతూనే ఉంటుంది. లోపలి గాలే 60 డిగ్రీలు దాటుతుంది, ఎండ నేరుగా పడే చోట ఇంకా ఎక్కువ. 70 డిగ్రీల దరిదాపుల్లో ఈవీఏ మెత్తబడుతుంది. దాని నిండా మూసుకున్న చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. వేడికి గోడలు సడలి కొంత గాలి బయటికి పోతుంది, చల్లారాక ఆ గదులు మునుపటి కంటే చిన్నవిగా బిగుసుకుంటాయి. అందుకే సోల్ పొట్టిదీ అవుతుంది, గట్టిదీ అవుతుంది.

ఉదాహరణకు, 9 సైజు జతను వెనక అద్దం కింద పెట్టారనుకోండి. ఎడమది ఎండలో, కుడిది సీటు నీడలో. ఆనించి చూస్తే ఎడమది 5 మిల్లీమీటర్లు పొట్టి. యూకే కొలతలో అర సైజు అంటే దాదాపు 4.2 మిల్లీమీటర్లు, అంటే ఎడమ కాలికి ఇప్పుడు ఎనిమిదిన్నర కూడా లేదు! ముక్కు పైకి లేచి ఉంటుంది, ఎండ తగిలిన పక్క మీద నునుపు మెరుపు కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కితే అరిగిన షూలా ఒకచోట కాదు, ఆ పక్కంతా ఒకేలా గట్టిగా ఉంటుంది. రెండూ ఎండలోనే ఉండి సమానంగా కుంచించుకుంటే ఆనించినా తేడా తెలియదు. అప్పుడు ఇన్‌సోల్ మీద చెయ్యి పెట్టి చూడండి. చోటు చాలక ముక్కు దగ్గర ముడతపడి ఉంటుంది.

కుంచించుకున్న ఫోమ్‌ను తిరిగి సాగదీయలేం. వేడినీళ్లలో పెడితే సాగుతుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు, ఇంకా కుంచించుకుంటుంది. తేడా రెండు మూడు మిల్లీమీటర్లే అయితే పలచటి ఇన్‌సోల్ వేసి అంగడికీ బస్టాండుకీ వాడుకోవచ్చు. మెత్తదనం మాత్రం రాదు, పరుగుకు వద్దు. అంతకు మించితే వదిలేయండి.

కొత్త జత తీసుకునేటప్పుడు

షూ కారులోనో స్కూటర్ డిక్కీలోనో ఉండక తప్పని వాళ్లకు టీపీయూ పూసల ఫోమ్ మేలు. పక్కనుంచి చూస్తే థర్మోకోల్ గింజలు అతికించినట్టుంటుంది. 2013లో అడిడాస్ బూస్ట్‌తో అందరికీ తెలిసింది. వేడిని ఈవీఏ కంటే బాగా ఓర్చుకుంటుంది, త్వరగా అణగదు, అడుగు వేస్తే పైకి తోస్తుంది. బరువు ఎక్కువ, అదొక్కటే ఇబ్బంది.

సూపర్‌క్రిటికల్ అనే మాట చూసి మోసపోవద్దు. అది ముడిసరుకు పేరు కాదు, చేసే పద్ధతి. నైట్రోజన్ లాంటి వాయువును అధిక ఒత్తిడిలో ప్లాస్టిక్‌లోకి ఎక్కించి, ఒత్తిడి తీసేసి ఉబ్బిస్తారు. తేలిగ్గా, ఎగిరినట్టు ఉంటుంది. కానీ ఈవీఏతో చేస్తే అది ఈవీఏనే, ఎండకు అదే గతి. రేసు షూలలో వాడే పీబా అనే ఫోమ్ ఇంకా మెత్తన, పక్కలు త్వరగా ముడతపడతాయి. ఆ గీతలు పాడైన గుర్తు కాదు. మునుపటిలా పైకి తోయకపోతేనే లెక్క.

ఏ ఫోమైనా ఉతికాక మిద్దె మీద పిట్టగోడపై పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ కొట్టకండి. ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపరు కుక్కి, ఫ్యాన్ కింద నీడలో ఆరనివ్వండి. పేపరు తడిస్తే మార్చండి.

చాన్నాళ్లు పెట్టెలో ఉన్న షూ అడుగు పొడిపొడిగా రాలితే అది పీయూ అనే ఇంకో రకం ఫోమ్, తేమకు కుళ్లింది. అతికించినా నిలవదు.