రీకాల్ కబురు వచ్చేసరికి కారం సగం డబ్బాలో పోసేశాం

మేం వాడే కారంలో పురుగుమందు అవశేషాలు పరిమితి దాటాయని ఒక బ్యాచ్‌ని కంపెనీ వెనక్కి తీసుకుంటోందట, అక్క ఫోన్ చేసి చెప్పింది. మా ప్యాకెట్ విప్పి అప్పటికే పది రోజులు.

రీకాల్ ఆ బ్రాండ్ మొత్తానికి కాదు, ఆ బ్యాచ్ నంబరుకే, అందుకే ముందు నంబరు చూడాలి. మిగతా సగం రబ్బరు బ్యాండు వేసి ప్యాకెట్‌లోనే ఉంచడం మంచిదైంది, కత్తిరించిన మూల పక్కన ముడతలో నంబరు దొరికింది, ఒక్కో అక్షరం పోల్చి చూశా, అదే బ్యాచ్.

వేయిస్తే పోతుందేమోరా అంది అమ్మ. పురుగుమందు వేడికి పూర్తిగా పోతుందని నమ్మలేం. పోపుల డబ్బాలో పాత కారంతో కలిసిపోయింది కాబట్టి అదంతా తీసేసి, ప్యాకెట్‌తో పాటు గట్టి కవర్లో కట్టి, పైన ‘వాడొద్దు’ అని రాసి విడిగా పెట్టాను. వెంటనే పారేయకండి, డబ్బు వాపసుకి మమ్మల్ని బ్యాచ్ నంబరు ఫొటో, మిగిలిన సరుకు రెండూ అడిగారు. మూడో రోజు కొట్టులో తీసుకుని డబ్బులిచ్చేశారు.

డబ్బా, చెంచా సబ్బుతో కడిగి ఎండలో పెట్టాం. ఆ కారంతో పెట్టిన టమాటా పచ్చడి సీసా కూడా పారబోశాం, అమ్మ చాలా బాధపడింది. ఇప్పుడు ఏ పొడి డబ్బాలో పోసినా నంబరున్న ముక్క కత్తిరించి మూతకి అంటిస్తున్నా.