కస్టమ్స్ నోటీసు తెలుగులో చెప్పడం – 4వ భాగం: బోల్టులు ఏ హెడింగ్‌లోకి వస్తాయి

పోయిన భాగంలో బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే తెప్పించిన సరుకు గురించి ఇంపోర్టర్ కస్టమ్స్‌కి ఇచ్చే ప్రకటన, చదివాం కదా, ఈసారి అదే బిల్లు మీద వచ్చిన షోకాజ్ నోటీసు తీసుకుందాం. ఇంపోర్టర్ ప్యాకింగ్ మెషిన్ల కోసం స్టీల్ బోల్టులు, నట్లు తెప్పించి వాటిని టారిఫ్‌లో, అంటే సరుకుల డ్యూటీ పట్టికలో, మెషిన్ పార్టులుగా 8422 90 నంబరు కింద చూపించాడు, నోటీసేమో అవి బోల్టులు, నట్లుండే 7318 హెడింగ్‌లోకి వస్తాయి అంటోంది.

నోటీసులో మొదట తగిలే మాట "ఇట్ అపియర్స్ దట్". దీన్ని "అని తేలింది" అని చెప్పేస్తే ఇంపోర్టర్ అక్కడే కుప్పకూలిపోతాడు, ఎందుకంటే అతనికి అది తీర్పులా వినిపిస్తుంది. "డిపార్ట్‌మెంట్‌కి ఇలా అనిపిస్తోంది, ఇంకా ఏదీ ఖాయం కాలేదు" అని చెప్పాలి. తర్వాత "మెరిట్ క్లాసిఫికేషన్ అండర్ 7318" అని ఉంటుంది, ఇక్కడ మెరిట్ అంటే సరుకు నాణ్యత అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. "ఈ సరుకు ఆ హెడింగ్‌లోకే వస్తుంది అంటున్నారు" అంటే చాలు. అసెస్‌మెంట్‌ని కూడా అంచనా అనొద్దు, అంచనా అంటే ఉజ్జాయింపు అనుకుంటారు, "డ్యూటీ లెక్కకట్టడం" అనండి.

ఇప్పుడు ఇంపోర్టర్ కచ్చితంగా అడిగే ప్రశ్న, "నేను మెషిన్ కోసమే కొన్నాను కదండీ, మరి మెషిన్ పార్టు ఎందుకు కాదు?" జవాబు నోటీసులోనే ఉంటుంది, సెక్షన్ 16 నోట్ 1(జి) అని ఒక లైన్లో రాసి వదిలేస్తారు, మనం దాన్ని విప్పి చెప్పాలి. ఈ సెక్షన్ 16 టారిఫ్‌లో మెషిన్లున్న భాగం, చట్టంలో సెక్షన్ కాదు, ఈ రెండూ కలిపేయకండి. ఎక్కడైనా వాడుకోగలిగే సాధారణ లోహపు భాగాల్ని మెషిన్ల సెక్షన్‌లోకి రానివ్వొద్దని ఆ నోట్ చెబుతుంది, ఆ సాధారణ భాగాలేవో సెక్షన్ 15 నోట్ 2లో ఉంది, అందులో 7318 పేరు పెట్టి మరీ ఉంది. అంటే దేని కోసం కొన్నావన్నది కాదు, వస్తువు ఏమిటన్నదే లెక్క. అయితే పట్టు పూర్తిగా డిపార్ట్‌మెంట్‌దే అనుకోకండి, వాటిలో కొన్ని అసలు బోల్టులు కాకుండా ఆ మెషిన్‌కే ప్రత్యేక ఆకారంలో చేసిన ముక్కలైతే వాటికి 7318 వర్తించకపోవచ్చు. అందుకే డ్రాయింగు, కేటలాగు, ఒక శాంపిల్ ముక్క పట్టుకురమ్మని ముందే చెప్పండి.

ఇక లెక్క. సరుకు అసెసబుల్ వాల్యూ, అంటే డ్యూటీ లెక్కకట్టే విలువ, 10,00,000 రూపాయలు, చూపిన బేసిక్ డ్యూటీ 7.5 శాతం, నోటీసు అడిగేది 15 శాతం అనుకుందాం, ఇవి పాఠం కోసం తీసుకున్న రేట్లు, నిజం నోటీసులో ఆ తేదీ నాటి రేటు చూడాలి. ముందు కట్టింది బేసిక్ 75,000, దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ 7,500, ఇవన్నీ కలిపిన 10,82,500 మీద 18 శాతం ఐజీఎస్టీ 1,94,850, మొత్తం 2,77,350. కొత్త లెక్కలో బేసిక్ 1,50,000, సర్‌చార్జ్ 15,000, ఐజీఎస్టీ 2,09,700, మొత్తం 3,74,700. తేడా 97,350. ఇంపోర్టర్ 75,000 అనుకుని ఉంటాడు, ఎందుకంటే బేసిక్ పెరిగితే దాని మీద నిలబడ్డ సర్‌చార్జ్, ఐజీఎస్టీ కూడా పెరుగుతాయని అతనికి ఎవరూ చెప్పరు. కాగితం మీద రెండు వరుసలు పక్కపక్కన రాసి చూపించండి.

ఆ తర్వాత, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైంది, నోటీసు 1962 కస్టమ్స్ చట్టం 28(1) కింద వచ్చిందా 28(4) కింద వచ్చిందా అన్నది. 28(1) అంటే దాపరికం లేకుండా డ్యూటీ తక్కువ పడింది అని, అలాంటి నోటీసు ఇవ్వడానికి డిపార్ట్‌మెంట్‌కి గడువు రెండేళ్లు, నోటీసు అందిన 30 రోజుల్లో డ్యూటీ, 28ఎఎ కింద వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా ముగుస్తుంది. 28(4) అయితే "విల్‌ఫుల్ మిస్‌స్టేట్‌మెంట్", "సప్రెషన్ ఆఫ్ ఫాక్ట్స్" లాంటి మాటలు కనిపిస్తాయి, అంటే కావాలని తప్పు చెప్పారనీ, దాచారనీ ఆరోపణ. అప్పుడు నోటీసు ఇచ్చే గడువు ఐదేళ్లు, అదే 30 రోజుల్లో ముగించాలంటే డ్యూటీ, వడ్డీతో పాటు డ్యూటీలో 15 శాతం పెనాల్టీ, మన లెక్కలో సుమారు 14,600. అలా కట్టకుండా చివరికి ఓడిపోతే 114ఎ కింద డ్యూటీ అంత పెనాల్టీ పడొచ్చు.

ఇక్కడ బిల్ ఆఫ్ ఎంట్రీ తీసి డిస్క్రిప్షన్ చూడండి. అందులో "స్టీల్ బోల్ట్స్ అండ్ నట్స్" అని స్పష్టంగా రాసి హెడింగ్ మాత్రమే వేరేది పెట్టి ఉంటే, సరుకు దాచలేదు అని వాదించడానికి ఇంపోర్టర్‌కి దారి ఉంది. 1998లో నార్తర్న్ ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు, ఒక హెడింగ్ కింద వస్తుందని నమ్మి చెప్పడం తప్పుడు ప్రకటన కాదు అంది. కానీ 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే ఇంపోర్టరే డ్యూటీ లెక్కకట్టుకునే పద్ధతి, వచ్చింది కాబట్టి సరైన హెడింగ్ వెతికి పెట్టే బాధ్యత నీదే అని డిపార్ట్‌మెంట్ ఎదురు చెబుతుంది, అది కూడా దాచకుండా చెప్పండి. డిస్క్రిప్షన్‌లో "మెషిన్ పార్ట్స్" అని మాత్రమే ఉంటే ఆ వాదన చాలా బలహీనపడుతుంది.

చివరి పేరాలో "షో కాజ్ యాజ్ టు వై... షుడ్ నాట్ బి రికవర్డ్" అని ఉంటుంది, ఇందులో కట్టమనే ఆజ్ఞ లేదు, "ఎందుకు వసూలు చేయకూడదో మీరే చెప్పండి" అని అడుగుతున్నారు. జవాబు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ఆ పేరాలోనే ఉంటుంది, డ్యూటీ కట్టి ముగించే ఆ 30 రోజుల గడువు వేరు, రెండు తేదీలూ వేరువేరుగా రాసివ్వండి.

మీ దగ్గరున్న నోటీసులో ఆ చివరి పేరా ఒక్కటి తీసుకుని, ఎదురుగా ఇంపోర్టర్ కూర్చున్నాడనుకుని గట్టిగా తెలుగులో చెప్పి రికార్డు చేసుకోండి. వచ్చే భాగంలో ఆ రికార్డింగ్ నుంచే పర్సనల్ హియరింగ్‌కి వెళ్దాం.