మాండరిన్‌లో తటస్థ స్వరం, నాలుక మడత: నేను సరిచేసుకున్న తీరు

గొంతు ఎత్తుపల్లాలతో మాట అర్థాన్ని మార్చే నాలుగు స్వరాలూ పట్టుబడ్డాక కూడా బీజింగ్ వాళ్ల మాట నా చెవికి అందేది కాదు. లోపం పదాల చివర ఉంది.

తటస్థ స్వరమంటే పొట్టిగా, వదులుగా పలికే అక్షరం. దాని ఎత్తును ముందు అక్షరమే తేలుస్తుంది. ఇంటి వరసలతోనే సాధన చేయొచ్చు. ‘మామా’ (అమ్మ! మన మామయ్య కాదు)లో రెండో అక్షరం కాస్త దిగుతుంది. ‘యెయె’ (తాతయ్య)లో మధ్యలో ఆగుతుంది. ‘పాపా’ (నాన్న)లో అట్టడుగుకు పోతుంది. ‘నైనై’ (నాయనమ్మ) మాత్రం తిరకాసు: మొదటిది అడుగున పలుకుతుంది, రెండోది దానికన్నా పైకి లేస్తుంది. తెలుగువాళ్లం రెండింటికీ సమానంగా సమయమిస్తాం, అక్కడే చెడుతుంది. ‘తుంగ్‌షీ’లో రెండోది పొట్టిగా ఉంటే వస్తువు, పూర్తి మొదటి స్వరంతో పలికితే తూర్పు పడమరలు.

ఇక నాలుక మడత, అంటే బీజింగ్ వాళ్లు పదం చివర నాలుక కొన లేపి చేర్చే రకారంలాంటి ధ్వని. ‘కొంచెం’ అనే మాట చివర ‘త్యెన్’ అని నేర్చుకుంటాం. మడత చేరితే నకారం పోతుంది, ఎందుకంటే పంటి వెనక ఆనాల్సిన నాలుక కొన అదే క్షణంలో పైకి లేవాలి. అచ్చు కూడా తెరుచుకుని ‘త్యర్’లా వినిపిస్తుంది. నకారం కోసం వెతికే చెవికి ఆ మాటే దొరకదు.

పలికేటప్పుడు అచ్చు మధ్యలోనే కొన లేపాలి, అంగిలికి తగలనివ్వకూడదు. ధ్వనిని రెండు సెకన్లు సాగదీసి చూడండి. అదిరితే అది మన రకారమే. ‘న్యూఅర్’ (కూతురు)లో మాత్రం మడత కాదు, చివరిది విడి అక్షరం.