టీచర్ ఉద్యోగం నుంచి కార్పొరేట్ ట్రైనింగ్‌కి: రెజ్యూమె పంపే ముందు జాగ్రత్తలు

‘8, 9 తరగతులకు గణితం బోధించాను, సిలబస్ పూర్తి చేశాను’ లాంటి వాక్యాలుంటే ముందు వాటిని తీసేయండి. కంపెనీ చూసేది మీరు ఏం చెప్పారన్నది కాదు, విన్నవాళ్లలో ఏం మారిందన్నది. ఆ వాక్యాన్నే ఇలా రాయొచ్చు: ‘యూనిట్ టెస్టులో భిన్నాల దగ్గర వెనకబడిన 14 మందిని గుర్తించి, ఆరు వారాలు విడిగా క్లాసులు తీసుకున్నాను, తర్వాతి పరీక్షలో 11 మంది పాసయ్యారు.’ అంకెలు మాత్రం మీ మార్కుల రిజిస్టర్‌లో ఉన్నవే వేయండి. ఇంటర్వ్యూలో తప్పకుండా తవ్వుతారు.

కొత్తగా చేరిన టీచర్లకు శిక్షణ ఇచ్చి ఉంటే అది పైవరుసలో ఉండాలి. పెద్దవాళ్లకు నేర్పిన అనుభవం అదొక్కటే కావచ్చు.

‘ట్రైనింగ్ పనిచేసిందని ఎలా తెలుస్తుంది?’ అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. ట్రైనింగ్ ఫలితాన్ని కొలవడానికి వాడే కిర్క్‌పాట్రిక్ నాలుగు మెట్లు చదివి వెళ్లండి: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకు ఫలితం వచ్చిందా. స్కూల్ పరీక్ష రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మూడోదానికి మీరేం చేస్తారో చెప్పగలగాలి. ఉదాహరణకు, కాల్ సెంటర్ ట్రైనింగ్ అయితే, నెల తర్వాత టీమ్ లీడర్‌తో కలిసి నేర్చుకున్నవాళ్ల కాల్స్ వినడం.

డెమోలో టీచర్ గొంతు బయటపడుతుంది. ‘అర్థమైందా?’ అని అడగకండి, అందరూ తలూపుతారు. చిన్న పని ఇచ్చి చేయించండి.

రాజీనామాకు ముందు నియామక పత్రంలో నోటీసు గడువు చూసుకోండి. కొన్ని ప్రైవేటు స్కూళ్లు విద్యా సంవత్సరం మధ్యలో రిలీవ్ చేయవు.