ఫీచర్ల చిట్టా పక్కన పెట్టాక నా డెమో

మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతా. మొదట్లో బ్యాచ్‌వారీ స్టాక్, ఎక్స్‌పైరీ అలర్ట్, బార్‌కోడ్, జీఎస్టీ రిపోర్ట్ అంటూ ఇరవై ఫీచర్లు వరసపెట్టి చదివేసేవాణ్ని, నాలుగోది వచ్చేసరికే ఓనర్ గారు కస్టమర్ వైపు తిరిగిపోయేవారు.

ఒకరోజు కూర్చుని ప్రతి ఫీచర్‌కీ "అయితే ఏంటి?" అని వేసుకుంటూ పోయా, జవాబు డబ్బులోకో టైంలోకో వచ్చేదాకా. ఎక్స్‌పైరీ అలర్ట్, అయితే ఏంటి? గడువు దగ్గరపడ్డ స్ట్రిప్పులు ముందే తెలుస్తాయి. అయితే ఏంటి? డిస్ట్రిబ్యూటర్ వాపసు తీసుకునే టైంలోపే పంపేయొచ్చు, ఆ డబ్బు మునగదు. చాలా ఫీచర్లకి ఆ రెండో ప్రశ్నకే జవాబు లేదు, తీసేశా.

ఇప్పుడు మొదలే ప్రశ్నతో: "అన్నా, పోయిన నెల ఎక్స్‌పైరీ కింద ఎంత పోయింది?" అంకె ఆయన నోటినుంచే రావాలి, నేను చెబితే నమ్మరు. తర్వాత ఆయన ర్యాక్‌లోంచే ఓ పది స్ట్రిప్పులు తీసి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, మూడు నెలల్లో గడువు అయిపోయేవి చూపిస్తా, వేరే స్క్రీన్ తెరవను. శాంపిల్ డేటాతో చూపిస్తే "మా షాపులో ఇలా ఉండదు బాబూ" అనేస్తారు.

కొత్త షాపుకి మాత్రం ఇది పనిచెయ్యదు, వాళ్ళకింకా ఎక్స్‌పైరీ దెబ్బ తగల్లేదు కదా, అక్కడ సాయంత్రం కౌంటర్ దగ్గర ఉండే రద్దీ గురించి అడుగుతూ మొదలుపెడతా.

చివర్లో "ఆలోచించి చెప్పండి" అనడం మానేశా. "ఈ ఒక్క ర్యాక్ స్టాకు నేనే ఎక్కిస్తా, గురువారం పొద్దున్నే రానా?" అంటా.